మా చెల్లెలి రోగానికి నా ఇంగ్లీషు

మా చెల్లెలి బావగారి మీద నాకు పగ ఉంది. కోపం కాదు, పగ. కోపమైతే ఒక గ్లాసు కాఫీతో తగ్గుతుంది. ఇది అట్లాంటిది కాదు, వంటింట్లో గిన్నెలు తోముతున్నా, చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నా నాతోనే ఉంటుంది. నేను ప్రార్థన చేసేదాన్నే, క్షమించాలని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చేతనవుతుందా?

ఈయన మా చెల్లెలి మొగుడికి అన్న. పుంగనూరులో అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. నా వరసకూ బావే. సర్కారు ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడగలిగినవాడు తనొక్కడేనని ఆయన నమ్మకం. కరెంటు బిల్లు కట్టడానికి పోయినా ఇంగ్లీషే. తమ్ముడు మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలుతాడు, మంచివాడు, అన్న ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు. ఇక నేను మదనపల్లెలో మిషను బడిలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, ఆ కాంపౌండు వెనక వీధిలోనే ఇల్లు కట్టుకుని ఉన్నదాన్ని. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నా మాటకు ఆ ఇంట్లో విలువ తక్కువ. ఉన్న విలువ నోటి దురుసువల్ల వచ్చింది.

మా చెల్లెలికి ఏడాది పైగా ఒంట్లో బాగుండడం లేదు. పొద్దున లేచేసరికి మామూలుగా ఉంటుంది. ఇల్లూడ్చి, వండి, బట్టలు ఉతికి ఆరేస్తుంది. మధ్యాహ్నం దాటాక రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, సాయంత్రానికి చెంబు ఎత్తి నీళ్ళు తాగడమే కష్టం. రాత్రి పడుకుని లేస్తే మళ్ళీ మామూలే. ఈ మళ్ళీ మామూలే అన్నది దాని కొంప ముంచింది. పొద్దున బాగున్న మనిషి సాయంత్రం పని దగ్గరే పడిపోతే, ఇంటివాళ్ళు ఏమనుకుంటారు?

"నీ సెల్లెలికి రోగమేం లేదమ్మా, యాక్టింగ్ చేస్తాండాది" అన్నాడు బావ నాతోనే, మా చెల్లెలు పక్కన కూర్చుని ఉండగానే.

మా వైపు ఒక అలవాటుంది. ఆసుపత్రికి పోవాలంటే ముందురోజు రోగి చేత పని చేయించరు. పెందలాడే పడుకోబెడతారు. తెల్లవారి తలస్నానం చేయించి, ఉతికిన చీర కట్టించి, మొదటి బస్సు ఎక్కిస్తారు. డాక్టరు ముందు తేటగా కనపడాలి, లేకపోతే ఇంటి మర్యాద పోతుంది. ప్రేమతో చేసే పనే. కానీ మా చెల్లెలిని ఎన్ని ఆసుపత్రులకు తీసుకుపోయినా, ప్రతి డాక్టరూ చూసింది రాత్రంతా నిద్రపోయిన పొద్దుటి మనిషినే. సాయంత్రపు మనిషిని ఒక్కడూ చూడలేదు. ఈ సంగతి నాకూ చాలా ఆలస్యంగా తట్టింది.

కుప్పంలో ఒక నరాల డాక్టరు కొత్తగా వచ్చాడని ఎవరో చెబితే అక్కడికీ పోయాం. ఆయన ఉత్తరాదివాడు, తెలుగు రాదు. బావ ముందు కుర్చీలో కూర్చున్నాడు, మా చెల్లెలు వెనక బల్ల మీద, నేను గుమ్మం దగ్గర. డాక్టరు దాన్ని చూసి ఏమిటి బాధ అని అడిగాడు. అది నోరు తెరిచింది. "సార్, మద్దినం దాటినాక నాకు దవడ..." అనేలోపే బావ అందుకున్నాడు. గ్యాస్ ట్రబుల్ సార్, జనరల్ వీక్‌నెస్ సార్, మెంటల్ టెన్షన్ సార్. మూడు ముక్కలు. ఏడాది బాధ మూడు ముక్కల్లో అయిపోయింది! డాక్టరు చేతులు ఎత్తమన్నాడు, ఎత్తింది. గట్టిగా పట్టుకోమన్నాడు, పట్టుకుంది. ఎందుకు పట్టుకోదు, పొద్దున తొమ్మిదింటికి అది బస్తా కూడా ఎత్తగలదు. మనసు నెమ్మదించే మాత్రలు రాసిచ్చాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆయనకు చెప్పింది అంతే, చూపించింది అంతే.

ఆ తర్వాతి ఆదివారం నేను పుంగనూరులోనే ఉన్నాను. చర్చిలో ప్రార్థన అవసరాలు చెప్పే వేళ బావ లేచి మైకు తీసుకున్నాడు. మా మరదలిలో ఉండే సోమరితనపు ఆత్మ తొలగిపోవాలని సంఘమంతా ప్రార్థించాలి అన్నాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా తిరిగి మా చెల్లెలిని చూశారు. అది కొంగు ముఖం మీదికి లాక్కుని నేల చూసింది. నాకు పగ పుట్టింది అప్పుడే. ఆయన నోటితోనే ఆయన మాట వెనక్కి తీసుకునేట్టు చేయకపోతే నేను మా అమ్మ కూతుర్ని కాదు అనుకున్నాను. ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అంటే నేనూ అన్నాను, నా మొక్కు వేరే.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇంగ్లండులో నర్సు. తనకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. తను పనిచేసే చోట ఒక నరాల డాక్టరమ్మ ఉంది, దూరదేశాల రోగులను ఆన్‌లైన్‌లో చూసి తన అభిప్రాయం చెబుతుందట. మందులు రాయదు, ఇక్కడి డాక్టరుకు ఉత్తరం ఇస్తుంది. ముందుగా రోగి తన మాటల్లో చెప్పిన బాధను ఇంగ్లీషులో రాసి పంపాలి. "టీచర్, రోగం పేరు మీరు రాయొద్దు. ఆమె ఏం చెబితే అదే రాయండి. ఎప్పుడు, ఏం చేస్తుంటే, ఏం చేస్తే తగ్గుతుంది, అంతే" అని ఆ అమ్మాయి నాకు పాఠం చెప్పింది. బుద్ధిగా విన్నాను.

బావ మార్కెట్టు వైపు పోయిన ఒక సాయంత్రం చెల్లెలి ముందు ఫోన్ పెట్టి రికార్డు చేశాను. రోగం సంగతి వదిలెయ్, నీ దినం ఎట్లా గడుస్తుందో చెప్పు అన్నాను. అప్పుడు వచ్చాయి దాని మాటలు.

"పొద్దున బాగుంటానక్కా. మద్దినం బువ్వ తినేటప్పుడు మొదులు. శెనక్కాయలు నమిలితే దవడ అలిసిపోతాది. నొప్పి కాదు, అలుపు. చెయ్యి కింద పెట్టి నెట్టుకోవాల. సంగటి మింగేదే కదా, అదీ గొంతులో నిలబడతాది. నీళ్ళు తాగితే ముక్కులోకి వస్తాయి. నెత్తి దువ్వుకుంటాంటే చెయ్యి నిలవదు. సాయంత్రం నమాజు పిలుపు ఇనబడే యాళకి ఒగ మనిషి ఇద్దరు మాదిరి కనపడతారు. రాత్రికి వంట చేయాల కదా అనుకుంటే గుండె జారిపోతాది."

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఇంగ్లీషు పాఠం చెప్పడం వేరు, ఇది వేరు. చెల్లెలు ‘నేను’ అన్నచోట ‘నేను’ అనే ఉంచాను. బావ చెప్పినట్టు నీరసం అని ఒక్క మాటతో కట్టేస్తే సగం దేశానికి ఉన్న జబ్బే దానికీ ఉన్నట్టు. దవడ నొప్పి కాదు, నములుతూ ఉంటే అలిసిపోతుంది, ఆగితే కాసేపటికి కొంచెం కోలుకుంటుంది అని రాశాను. సంగటి అంటే ఆ డాక్టరమ్మకేం తెలుసు? రాగిపిండితో చేసే మెత్తని ముద్ద, నమలకుండా మింగుతారు, అదే దిగడం లేదు అని విడమర్చాను. నమాజు పిలుపును సుమారు ఐదు గంటలుగా మార్చాను. ఇద్దరు పక్కపక్కన కనపడతారా, కిందా మీదా కనపడతారా అని అడిగాను. పక్కపక్కన అంది. ఒక కన్ను మూసుకుని చూడు అంటే అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఒగరే ఉండారక్కా!" అని ఆశ్చర్యపోయింది. అదీ రాశాను. గుండె జారిపోతాది అన్నది ఉన్నదున్నట్టు రాస్తే ఆవిడ గుండెజబ్బు వెతుకుతుంది. గుండె దడగా ఉంటుందా, పట్టేసినట్టు ఉంటుందా అని అడిగాను. అట్లాంటిదేమీ లేదు, భయం అంది. భయమేస్తుంది అని రాశాను.

అంతటితో ఆపి ఉంటే నేను మంచిదాన్ని అయ్యుండేదాన్ని. ఆపలేదు. కింద చెల్లెలే చెబుతున్నట్టు ఇంకో పెద్ద పేరా రాశాను. నా బావ నన్ను అబద్ధాలకోరు అంటాడు, సంఘం ముందు నా పరువు తీశాడు, కుప్పంలో నన్ను నోరెత్తనివ్వలేదు, నా రోగం ముదరడానికి ఆయనే కారణం. ఎంత చక్కటి ఇంగ్లీషు వచ్చిందో ఆ పేరాకు! బడిలో పిల్లలకు కూడా అంత బాగా ఎప్పుడూ రాసి చూపించలేదు. రాస్తుంటే ఒళ్ళంతా హాయిగా ఉంది.

అయితే రాసినదాన్ని మళ్ళీ తెలుగులో రోగికి చదివి వినిపించాలని ఆ నర్సమ్మాయి చెప్పింది. కాగితం చేతిలో పట్టుకుని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. దవడ దగ్గర తల ఊపింది. కళ్ళ దగ్గర తల ఊపింది. ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నేను చెప్పిందేనా?"

"చెప్పకపోతే ఏమే, జరిగిందా లేదా?"

"జరిగింది. గాని నా రోగం రాయమంటే నువ్వు మా బావను రాసినావు. ఇది సదివితే ఆ డాక్టరమ్మ ఏమనుకుంటాది? ఇంట్లో కొట్లాటలు, అందుకే ఈ యమ్మ ఇట్ల ఉండాది అనుకుంటాది. మళ్ళా అవే మాత్రలు ఇస్తాది."

నిజమే కదా! ఆయన మీద కక్షతో నేను రాసింది ఆయన మాటనే గెలిపిస్తుంది. ఆయన టెన్షన్ అన్నాడు, నేను ఆ టెన్షన్‌కు రుజువులు కూర్చి పెట్టాను. ఛీ నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుని ఆ పేరా కొట్టేశాను. పగ మాత్రం కొట్టేయలేదు. ఇంకో పూటకు వాయిదా వేశాను.

డాక్టరమ్మ మా టైముకు సాయంత్రం ఆరింటికి కలుస్తానంది. ఆవిడకు అప్పుడు మధ్యాహ్నం. ముందుగా ఒక మాట పంపింది, ఆ రోజు ప్రత్యేకంగా విశ్రాంతి వద్దు, ఎప్పటిలాగే ఉండమనండి అని. బావకు ఇది నచ్చలేదు. డాక్టరుతో మాట్లాడేది సాయంత్రమేమిటి, మొహం కడుక్కుని తేటగా ఉన్నప్పుడు కదా అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనే మా చెల్లెలితో, "పోయి పడుకోమ్మా, పని నేను సూస్తాను" అన్నాడు. దానికి పెళ్ళయినప్పటి నుంచి ఆయన పని చూస్తాననడం అదే మొదటిసారి. నేను గుమ్మంలో అడ్డం నిలబడి, "అవసరం లేదు బావా, దాని పని అది చేసుకుంటుంది" అన్నాను. ఆయనకు నేను దయలేనిదానిలా కనపడి ఉంటాను. కనపడనీ.

ఆరింటికి లాప్‌టాప్ బల్ల మీద పెట్టాను. బావ తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి నట్టనడుమ కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద డాక్టరమ్మ కనపడగానే గుడ్ ఈవెనింగ్ మేడమ్ అని మొదలుపెట్టి, తన పేరూ తన ఉద్యోగమూ చెప్పాడు. ఆవిడ చిరునవ్వుతో విని, పేషెంటుతో మాట్లాడాలి అంది. ఆయన నేను చెబుతాను మేడమ్ అన్నాడు. ఆవిడ మళ్ళీ నవ్వుతూనే, పేషెంటుతో, ఆమె అక్క ద్వారా, అంది. నేను ఆ వాక్యాన్ని గట్టిగా తెలుగు చేశాను, ఇంట్లో అందరికీ వినపడేట్టు. ఆయన కుర్చీ జరిపాడు.

చెల్లెలు పూర్తిగా చెప్పేదాకా ఆవిడ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ వాక్యం వాక్యం చెప్పానే తప్ప నాది ఒక్క ముక్క కలపలేదు. చెల్లెలి మాట అప్పటికే ముద్దగా, ముక్కులోంచి వస్తోంది. తర్వాత ఆవిడ దాన్ని, తల కదల్చకుండా కళ్ళు మాత్రం పైకి పెట్టి, రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండమంది. పోల్చి చూడడానికి పక్కన ఇంకెవరైనా కూర్చుని అలాగే చేయగలరా అని అడిగింది. చెల్లెలి మొగుడు లేవబోయాడు. "నువ్వు కూర్చో నాయనా, బావ ఉండాడు కదా" అన్నాను. నాకూ అవసరమైనప్పుడు మా యాస వస్తుంది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పైకప్పు వైపు చూస్తున్నారు. బావ కళ్ళు రెండు గుడ్ల మాదిరి తెరుచుకునే ఉన్నాయి. మా చెల్లెలి ఎడమ రెప్ప మెల్లగా కిందికి రావడం మొదలైంది. అది ఆపుకోవాలని నుదురు ముడతలు పడేట్టు ఎత్తుతోంది. రెప్ప ఆగలేదు. తర్వాత కుడి రెప్ప. కాసేపటికి దాని కళ్ళు సగం మూసుకుపోయాయి, పక్కన ఆయనవి అట్లాగే ఉన్నాయి. దాని మొగుడు, "అయ్యో దేవుడా" అన్నాడు. ఆ ఇంట్లో అంతమంది ముందు అతని గొంతు వినపడడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఐసు ఉందా అని అడిగింది డాక్టరమ్మ. ఫ్రిజ్‌లోంచి తీసి గుడ్డలో చుట్టి, మూసిన ఎడమ కంటి మీద పెట్టాం. ఎప్పుడు తీయాలో ఆవిడే గడియారం చూసి చెప్పింది. గుడ్డ తీస్తే ఆ ఒక్క రెప్ప పైకి లేచి ఉంది, కుడిది వాలిపోయే ఉంది. యాక్టింగ్ చేసే మనిషి ఒక కన్ను వాల్చి ఒక కన్ను ఎత్తుకుంటుందా? నేను ఆ మాట పైకి అనలేదు. బావ ముఖం చూశాను, అంతే.

డాక్టరమ్మ అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బు అని తనకు గట్టి అనుమానం. నరం ఇచ్చే ఆదేశం కండరానికి సరిగ్గా అందకపోవడం. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతితో కోలుకుంటుంది. రక్తపరీక్ష, నరాల పరీక్ష, ఛాతీ స్కాను చేయించాలి, మందులున్నాయి. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల సంగతి ఇక్కడి డాక్టరు వెంటనే చూడాలి. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. ఇదంతా నేను ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను.

చివరలో ఆవిడ కొంచెం ముందుకు వంగి, ఇంటివాళ్ళందరికీ ఒక మాట చెప్పాలి అంది. రెండు వాక్యాలు నెమ్మదిగా అంది. నేను వాటిని తెలుగు చేయలేదు.

చెల్లెలు నా వైపు చూసింది. "ఏమంటాండాదక్కా?"

"నాకు గొంతు ఎండిపోయిందే. బావకు ఇంగ్లీషు బాగా వచ్చు, ఆయన చెబుతారు."

బావ ఉలిక్కిపడ్డాడు. దగ్గాడు. "అదేనమ్మా, ఏందో నరాల వీక్‌నెస్ అంట, బాగైపోతాదంట" అన్నాడు.

"అట్లా అనలేదు బావా. ఇది మూడు ముక్కల్లో తేలేది కాదు. మొత్తం చెప్పండి."

"జాగ్రత్తగా సూసుకోమంటాండారు..."

"అదీ కాదు."

తెర మీద డాక్టరమ్మ ఓపిగ్గా చూస్తోంది, తెలుగు చెప్పడానికి టైము పడుతుందేమో అనుకుని ఉంటుంది. దాని మొగుడు అన్న వైపే చూస్తున్నాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ క్షణం కోసమే నేను ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను, ఆయన నీళ్ళు నమలడం నాకు పండగలా ఉంది. ఆయన తెల్లచొక్కా కాలరు సర్దుకుని, నేల చూస్తూ అన్నాడు.

"ఈ యమ్మ నటించడం లేదు. ఏడాదిగా ఈ యమ్మ చెప్పిందంతా నిజం."

గొణిగినట్టు అన్నాడు. సరిగ్గా ఆ రెండు వాక్యాలే. నాకు చాలనిపించింది, లాప్‌టాప్ వైపు తిరిగి డాక్టరమ్మకు థాంక్స్ చెప్పబోయాను.

మా చెల్లెలు అరచెయ్యి దవడ కింద పెట్టుకుని, మాట తడబడకుండా ఉండడానికి నోరు కూడదీసుకుని, ఆయన వైపు తిరిగింది.

"ఇనపడలేదు బావా. ఇంగోసారి చెప్పండి."